సల్లబడ్డది

ఇన్‌ఫ్లమేషన్ పాఠం వచ్చిందంటే రత్నకుమారి మేడంకి పూనకం వస్తుందని మా పిల్లలు నా వెనకాల అనుకుంటారు. అనుకోనీ. రైల్వే ఆసుపత్రి ల్యాబ్‌లో సగం జీవితం మైక్రోస్కోప్ మీద వంగి గడిపాను, ఇప్పుడు ఉప్పల్‌లో ఒక పారామెడికల్ కాలేజీలో కాబోయే ల్యాబ్ టెక్నీషియన్లకి పాథాలజీ చెబుతున్నాను. కాలేజీ అనగానే ఏదో ఊహించుకోకండి. కింద టైల్స్ షోరూం, పైన మేము. కిటికీ తెరిస్తే మెట్రో రైలు రొద, మూస్తే ఉక్క. ఆ ఉక్కలో కునికిపాట్లు పడే పిల్లల్ని కూర్చోబెట్టి వినిపించాలంటే పూనకం రాక ఏమొస్తుంది?

ఆ రోజు కూడా అలాగే మొదలుపెట్టాను.

"కాలికి ఇనప రేకు గీరుకుంది. ముందు ఏమవుతుంది?"

"అవ్వా అని ఒర్రుతం మేడం," అన్నాడు వెనక బెంచీ నుంచి శశిధర్. క్లాసంతా గొల్లుమంది.

"ఒర్రు నాయనా. నువ్వు ఒర్రేలోపలే అక్కడున్న మాస్ట్ సెల్స్ హిస్టమిన్ వదిలేస్తాయి. రక్తనాళాలు వెడల్పవుతాయి. దాన్నేమంటాం?"

"వేసోడైలేషన్."

"అదీ మాట. రక్తం ఎక్కువ వస్తుంది కాబట్టి ఎరుపు, వేడి. నాళాల గోడల్లో సందులు తెరుచుకుని ప్లాస్మా బయటికి కారుతుంది, అది వాపు. ప్రోస్టాగ్లాండిన్లూ బ్రాడీకైనిన్నూ నరాల్ని రెచ్చగొడతాయి, అది నొప్పి. ఇవన్నీ కలిసి కాలు కదపనివ్వవు, అది లాస్ ఆఫ్ ఫంక్షన్. ఐదు కార్డినల్ సైన్స్, ఐదు ముఖ్యమైన గుర్తులు. పరీక్షలో నాలుగు రాసి ఐదోది మర్చిపోయినవాళ్లని నేను మర్చిపోను."

అప్పుడు ముందు బెంచీలో త్రివేణి చెయ్యెత్తింది. బక్కపిల్ల, మల్లాపూర్ నుంచి బస్సులో వస్తుంది, నోట్సు రాసేటప్పుడు పెదాలు కదుపుతుంది. వాళ్ల నాన్న తిరుపతి జనగామ వైపు నుంచి వచ్చి మల్లాపూర్‌లోనే ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో రేకులు కోసే పని చేస్తాడు.

"మేడం, మా నాయిన కాలు సుత గిట్లనే అయింది. రేకే తగిలింది. ఫోటో దీసిన."

ఫోన్ అందుకుని చూశాను. పిక్క మీద చిన్న గాటు, దాని చుట్టూ అరచేయంత మేర ఎర్రగా నిగనిగలాడుతున్న వాపు. నిజం చెప్పాలంటే ముందు నాకు సంబరమేసింది. పుస్తకంలో బొమ్మ కూడా అంత స్పష్టంగా ఉండదు. ఫోన్ బెంచీ బెంచీకీ తిప్పించి మిగతా పాఠం దాని మీదే చెప్పాను. మొదటి గంటల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు నాళాల గోడకి అతుక్కుని, సందుల్లోంచి దూరి, బ్యాక్టీరియాని మింగుతాయని, అవి చచ్చి పోగుపడితే అదే చీము అని, ఒకటి రెండు రోజుల్లో మాక్రోఫేజెస్ వచ్చి చెత్తంతా ఊడుస్తాయని, ఈలోగా డెండ్రైటిక్ సెల్స్ శత్రువు ఆనవాలు పట్టుకుని లింఫ్ నోడ్‌కి చేరవేస్తాయని.

"గజ్జల్ల బిళ్ల కట్టింది మేడం," అంది త్రివేణి, కళ్లు పెద్దవి చేసి.

"అదే లింఫ్ నోడ్! అక్కడ టీ సెల్స్, బీ సెల్స్ లేస్తాయి. కొత్త శత్రువైతే యాంటీబాడీస్ తయారవడానికి వారం దాకా పడుతుంది. అందాకా కాపలా కాసేది న్యూట్రోఫిల్సూ మాక్రోఫేజెసే. పాఠం సరే గానీ, అమ్మాయ్, మీ నాన్నని ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లు. ఆ ఎరుపు అంచు వెంట పెన్నుతో గీత గియ్యి. ఎరుపు గీత దాటిందా, ఒక్క క్షణం ఆగడానికి లేదు. అర్థమైందా?"

"అయింది మేడం."

మధ్యలో ఒక రోజు సెలవొచ్చింది. ఆ తర్వాత రోజు నేను క్లాసులోకి అడుగుపెట్టేసరికి త్రివేణి మొహం వెలిగిపోతోంది. హాజరు తీసుకోకముందే లేచి నిలబడింది.

"మేడం, గీత దాటలే. అసలు ఎరుపే లేదు. వేడి లేదు, నొప్పి లేదు, జెరం లేదు. మీరు జెప్పిన గుర్తులు ఒక్కొక్కటి ఏలు మడిచి సూసిన. ఇన్‌ఫ్లమేషన్ రిజాల్వ్ అయింది!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. శశిధర్ "డాక్టరమ్మ, డాక్టరమ్మ" అని ఈల కూడా వేశాడు. చెప్పిన పాఠం ఒక పిల్ల ఇంటికి తీసుకెళ్లి వాడుకుందంటే టీచరుకి అంతకన్నా ఏం కావాలి? నేనూ నవ్వాను.

"ఆసుపత్రిలో ఏ యాంటీబయాటిక్ ఇచ్చారు?"

"పెద్ద దవాఖానకు పోలే మేడం. మా గల్లీ డాక్టర్ సూది ఏసిండు. ఒక్క సూదికే జెరం దిగింది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "గల్లీ డాక్టరా? నేను చెప్పిందేమిటి, నువ్వు చేసిందేమిటి? నా మాటంటే మీ అందరికీ గాలి మాటా?"

"నాయిన ఇనలే మేడం. అయినా తగ్గింది గద. రాత్రి దాక మస్తు ఒర్రిండు, ముట్టుకోనియ్యలే. పొద్దుగాల అడిగితె, సల్లబడ్డది బిడ్డా అన్నడు."

నేను గుంటూరు దాన్నే అయినా నాచారంలో కాపురం పెట్టి ముప్పయ్యేళ్లు దాటింది. ఈ మాట నాకు కొత్త కాదు. వాన ఆగినా సల్లబడ్డదంటారు, కొట్లాట సద్దుమణిగినా సల్లబడ్డదంటారు, నొప్పి తగ్గినా అదే మాట. క్లాసంతా అలాగే విన్నది. త్రివేణీ అలాగే విన్నది. కానీ రాత్రి ముట్టుకోనివ్వని కాలు తెల్లారేసరికి చల్లబడటమేమిటి? న్యూట్రోఫిల్స్ పని ముగించి, మాక్రోఫేజెస్ ఊడ్చి, కారిన నీరు లింఫ్‌లోకి పోయి, వాపు రోజుల తరబడి మెల్లగా దిగాలి. రిజల్యూషన్ అలా వస్తుంది. రాత్రికి రాత్రే దీపం ఆర్పినట్టు రాదు.

"త్రివేణీ, ఇలా రా. మీ నాన్న సల్లబడ్డదన్నది నొప్పి గురించా, కాలు గురించా?"

ఆ పిల్లకి ప్రశ్న అర్థం కాలేదు.

"కాలు ముట్టుకున్నావా?"

"ముట్టుకున్న మేడం. వేడి లేదు."

"వేడి లేకపోవడం కాదు నేనడిగేది. రెండో కాలి కంటే చల్లగా ఉందా?"

చప్పట్లు కొట్టిన చేతులన్నీ బెంచీల మీద ఆగిపోయాయి. త్రివేణి గుర్తుచేసుకుంటూ తన కుడిచేతి వేళ్ల వైపు చూసుకుంది.

"సల్లగున్నది మేడం. తలుపు కాడ పండుకున్నడు, గాలికేమో అనుకున్న."

"రంగు?"

"ఎరుపు పోయి... జర నీలం లెక్క. కమిలినట్టు."

"మీ నాన్నకి షుగరుందా? రోజూ ఏమైనా గోళీలు మింగుతాడా?"

"షుగర్ లేదు మేడం. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపుల పొట్లం కట్టిస్తరు. ఎన్నో ఏండ్ల సంది అదే. ఒక పెద్దది, ఒక పచ్చది, ఒక సిన్న తెల్లది."

ఆ చిన్న తెల్లది నాకు బాగా తెలుసు. అది స్టెరాయిడ్. ఆ గల్లీ డాక్టరు పొడిచిన సూదిలోనూ అదే ఉండి ఉంటుంది, లేకపోతే జ్వరం అంత మర్యాదగా దిగదు. బోర్డు వైపు తిరిగి ఏదో రాయబోయి సుద్దముక్క పక్కన పెట్టేశాను.

"పిల్లలూ, ఇవాళ క్లాసు లేదు. ఒక్క ముక్క మాత్రం విని పోండి. ఇన్‌ఫ్లమేషన్ గెలిచి ఆగిపోవడం ఒకటి, ఓడిపోయి ఆగిపోవడం ఇంకొకటి. పైనుంచి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి."

త్రివేణి పుస్తకాలు అక్కడే వదిలేసి నా ముందే మెట్లు దిగింది.

ఆటోలో ఆ పిల్ల ఏడవలేదు, ప్రశ్నలు వేసింది. ఏడిస్తే ఓదార్చేదాన్ని, ప్రశ్నలకి జవాబే చెప్పాలి కదా.

"స్టెరాయిడ్ ఏంజేస్తది మేడం?"

"ప్రోస్టాగ్లాండిన్స్ తయారుకానివ్వదు. న్యూట్రోఫిల్స్‌ని నాళం గోడ దాటనివ్వదు. జ్వరం రానివ్వదు. బ్యాక్టీరియాని మాత్రం ఏమీ చెయ్యదు."

"మరి నొప్పెందుకు పోయింది?"

నేను బయటికి చూశాను. నాచారం పారిశ్రామికవాడలో లారీలు అడ్డంగా నిలబడి ఉన్నాయి, ఆటో పాకుతోంది. డ్రైవర్ని కసిరాను, అతనేం చేస్తాడు పాపం.

"చెప్పున్రి మేడం. నాకు తెల్వాలె."

"చర్మం కింద ఫాషియా అని ఒక పొర ఉంటుంది. ఇన్‌ఫెక్షన్ ఆ పొర వెంట పాకితే, అక్కడి సన్న నాళాల్లో రక్తం గడ్డకడుతుంది. రక్తం పోకపోతే ఎరుపెక్కడిది, వేడెక్కడిది? యాంటీబయాటిక్ కూడా అక్కడికి చేరదు. నరాలు చచ్చిపోతాయి. నరం చచ్చాక నొప్పి చెప్పేదెవరు?"

"అయితే ఏలు మడిచి నేను లెక్కవెట్టినయి..."

"ఇల్లెక్కడో చూపించు ముందు," అన్నాను. ఆ మాట పూర్తిచేయనిస్తే వినే ధైర్యం నాకు లేకపోయింది.

వాళ్లది మల్లాపూర్‌లో వెల్డింగ్ షాపుల వెనక సన్నటి సందు. రెండు గదుల ఇల్లు. తిరుపతి గడప దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు, పనికి పోయే ఖాకీ చొక్కా వేసుకుని, కాలు స్టూలు మీద చాపి. నన్ను చూసి లేవబోయాడు. నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూస్తే నా ప్రాణం చివుక్కుమంది, ఎందుకంటే ఊపిరి పరుగెత్తి వచ్చినవాడిలా కొడుతోంది, నుదుటి మీద చెమట పట్టింది, పెదాలు బూడిద రంగులో ఉన్నాయి.

"రాన్రి మేడం, కూసోన్రి. ఉప్పలమ్మా, చాయ్ వెట్టు మేడంకు. మా బిడ్డ మీ పాఠం మస్తు జెప్తది. సల్లబడ్డది మేడం, ఫికర్ లేదు. ఇంకో రోజైతే నేను ఇస్కూల్లకు గూడ నడుస్త."

ఏ ఇస్కూలని ఉప్పలమ్మ మొగుణ్ణి వింతగా చూసింది. పొద్దుటి నుంచి అట్లాంటి అడ్డదిడ్డం మాటలు మాట్లాడుతున్నాడని నాతో మెల్లగా అంది.

నేను వంగి కాలు పట్టుకున్నాను. పెన్ను గీత అలాగే ఉంది. గీత లోపల చర్మం ఊదారంగుకి తిరిగి, మధ్యలో నల్లటి నీటి బుడగలు లేచాయి. ముట్టుకుంటే నీళ్ల కుండని ముట్టుకున్నట్టుంది. గీత బయట, మోకాలి దాకా, చర్మం బిగుసుకుపోయి ఉంది. ఎరుపు గీత దాటలేదన్నది నిజమే. పైన దాటలేదు, కిందనుంచి దాటిపోయింది.

గోరుతో గట్టిగా నొక్కాను. "ఇక్కడ తెలుస్తోందా?"

"ఏడ మేడం?"

మణికట్టు పట్టుకుంటే నాడి లెక్కకందనంత వడిగా, దారంలా ఉంది. "లేవండి తిరుపతిగారూ. ఆసుపత్రికి పోదాం. ఆటో బయటే ఉంది."

"నొప్పున్ననాడే పోలె మేడం. నొప్పి లేనోడు దవాఖానకెందుకు పోతడు? ఇగ షిఫ్టుకు పోవాలె, మా సేటు ఊకోడు."

నేను మొదలుపెట్టాను. సెప్సిస్ అన్నాను, టాక్సిన్స్ అన్నాను, బీపీ పడిపోతోందన్నాను, ఆఖరికి గట్టిగా అరిచాను కూడా. ఆయన మర్యాదగా తలాడిస్తూ విన్నాడు, విని కుర్చీ చేతులు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఒంట్లో హాయిగా ఉన్న మనిషికి నువ్వు చచ్చిపోతున్నావని ఎవరు నమ్మించగలరు? ఇన్నేళ్లూ క్లాసులో దంచిందంతా ఆ గడప దగ్గర బూడిదలో పోసిన పన్నీరయింది.

త్రివేణి నన్ను పక్కకి జరిపి నాన్న ముందు గొంతుక్కూర్చుంది.

"నాయినా, మీ షాపుల దొంగలు వడితె ఏమైతది?"

"ఏమైతది, వాచ్‌మన్ సీటీ ఊత్తడు. మేమందరం ఉరుకుతం."

"లొల్లి అయితదా లేదా?"

"మస్తు లొల్లి అయితది."

"నీ కాలు మండింది గద మొన్న, ఎర్రగయింది, ఉబ్బింది. అది లొల్లి నాయినా. మనోళ్లు లోపల కొట్లాడిన్రు. నువ్వు రోజు మింగే తెల్ల గోళీ ఆ వాచ్‌మన్‌ను పండవెట్టింది. మనోళ్లను గేటు దాటనియ్యలే. ఇప్పుడు లొల్లి లేదంటె దొంగలు పోయిన్రని గాదు, కొట్లాడెటోళ్లు లేరని."

తిరుపతి నవ్వు మెల్లగా ఆగిపోయింది. కాలు వైపు చూసుకున్నాడు, మొదటిసారి చూస్తున్నట్టు.

"అయితే మండుడే మంచిదా బిడ్డా?"

"మంచిది నాయినా. మంటొస్తెనే బతికున్నట్టు."

"దవాఖానల మంట తెప్పిస్తరా మళ్ల?"

నేను ఆటోలో చెప్పినవన్నీ ఆ పిల్ల కళ్లలో కనబడ్డాయి. అయినా అంది, "తెప్పిస్తరు. నేను తెప్పిస్త. లే నాయినా." ఆయన కూతురి భుజం పట్టుకుని లేచాడు. రెండడుగులు వేశాక పడబోతే ఆటో డ్రైవరూ నేనూ చెరో రెక్కా పట్టుకున్నాం.

ఆసుపత్రి ఎమర్జెన్సీలో అడుగుపెట్టాక అంతా పరుగే. రెండు చేతులకీ సెలైన్లు, యాంటీబయాటిక్స్, ఆక్సిజన్. ఒళ్లు ముట్టుకుంటే చల్లగా ఉంది, థర్మామీటరూ అదే చెప్పింది. బ్లడ్ రిపోర్టు వచ్చినప్పుడు త్రివేణి నా చేతిలోంచి లాక్కుని చదివింది.

"తెల్ల కణాల టోటల్ కౌంట్ రెండు వేలే ఉన్నది మేడం. ఇన్‌ఫెక్షన్ల పెరగాలె గద?"

"పెరగాలి. పెరిగి పెరిగి, పంపడానికి బోన్ మ్యారోలో మిగలనప్పుడు ఇలా పడిపోతుంది. స్మియర్ రిపోర్టు చూడు."

"బ్యాండ్ ఫార్మ్స్... టాక్సిక్ గ్రాన్యూల్స్." బ్యాండ్ ఫార్మ్స్ అంటే ఇంకా ఎదగని న్యూట్రోఫిల్స్ అని తనకి నేనే చెప్పాను. "ఈడు రాని పోరగాళ్లను సుత పంపింది మేడం."

పరీక్షలో ఈ మాట రాస్తే నేను నిండు మార్కులు వేసేదాన్ని. అక్కడ మాత్రం ఆ పిల్లని దగ్గరికి తీసుకున్నాను.

సర్జన్ హిమజగారు చిన్న వయసావిడ, మాటలు దాచుకునే మనిషి కాదు. "నెక్రోటైజింగ్ ఫాషియైటిస్. మోకాలి కింద కండరాలు కూడా చచ్చిపోయాయి. కుళ్లింది గోకేసి కాలు కాపాడే దశ దాటింది. తొడ దగ్గర తీసేయాలి, ఇప్పుడే. తీసినా గ్యారంటీ ఇవ్వలేను. తీయకపోతే రేపు ఉండడు."

ఉప్పలమ్మ గోడకి జారబడి కూర్చుంది. "నాకేమెరుక తల్లీ, మా బిడ్డ సదువుకుంటుంది, ఆమె ఎట్లంటె అట్ల," అంది. తిరుపతిని అడుగుదామంటే ఆయన అప్పటికే స్పృహలో ఉండీ లేనట్టున్నాడు. సీలింగ్ వైపు చూస్తూ వాచ్‌మన్‌ని పేరుపెట్టి పిలుస్తున్నాడు.

త్రివేణే సంతకం చేసింది. చేసి, పెన్ను ఇంకా చేతిలోనే పట్టుకుని, నన్నడిగింది: "మొన్ననే తీసుకొస్తే కాలు ఉండేదా మేడం?"

పిల్లలకి అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు. కానీ ఆ ఒక్కసారికి చెప్పాను. "ఎవరికి తెలుసు," అన్నాను. ఆ పిల్ల తెలివైంది, మళ్లీ అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం నేను ఐసీయూకి వెళ్లేసరికి తిరుపతి బతికే ఉన్నాడు. ఊపిరి కోసం పెట్టిన గొట్టం తీసేశారు. మొహంలో కాస్త రక్తం కనబడుతోంది, జ్వరం కూడా వచ్చింది. వచ్చినందుకు నాకు సంతోషమేసింది, నా వృత్తి అలాంటిది. నడుం మీది నుంచి మందపాటి దుప్పటి కప్పి ఉంది. కాలు తీసేసిన సంగతి ఇంకా చెప్పలేదని, పూర్తిగా తెలివిలోకి వచ్చాక సర్జన్ గారు చెబుతామన్నారని ఉప్పలమ్మ తలుపు దగ్గరే నా చెవిలో వేసింది. త్రివేణి మంచం పక్కన నిలబడి ఉంది.

నన్ను చూసి ఆయన కళ్లు మెరిశాయి. మాట పీలగా ఉంది గానీ తెలిసే మాట్లాడుతున్నాడు.

"మేడం, మా బిడ్డ జెప్పినట్టే అయింది. మంటొచ్చింది. మడిమె కాడికెల్లి కాలి ఏళ్ల దాక నిప్పుల వెట్టినట్టు మండుతుంది."

కోసేసిన కాలు మండుతుందని, నరం మొదలు నుంచి మెదడుకి ఆ కబురు పోతూనే ఉంటుందని, దానికి ఫాంటమ్ లింబ్ అని పేరుందని నాకు తెలుసు. ఆ పేరు ఎవరికి చెప్పను?

"మనోళ్లు కొట్లాడుతున్నరు బిడ్డా," అన్నాడు తిరుపతి, కూతురి వైపు తిరిగి. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, నొప్పికో సంతోషానికో. "బతికింది నా కాలు. జర ఆ దుప్పటి తియ్యి, సూసుకుంట."

త్రివేణి వంగి దుప్పటి అంచు రెండు చేతులా గట్టిగా పట్టుకుంది, తీయడానికి కాదు.